పన్నెండో అమ్మాయి

మొన్న గురువారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఒక కమలాపండు వొలిచాను. అంతకుముందు రోజు చిత్తూరులో నా స్నేహితురాలు పోయిన నలభయ్యో రోజు ఫాతిహా జరిగింది. వచ్చేటప్పుడు వాళ్ళ కోడలు సంచిలో నాలుగు పండ్లు వేసి ఇచ్చింది. తిరుపతి బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చాను కానీ తినబుద్ధి కాలేదు. మర్నాడు సాయంత్రం టీ పెట్టుకునే వేళకు ఒకటి తీసి బొటనవేలి గోరు దింపాను. తొక్కలోంచి తుంపర లేచి కళ్ళ మీద పడింది. ఆ వాసనకు నాకు పదిహేనేళ్ళు వచ్చాయి.

ఆ ఏడాది శీతాకాలమంతా నా వేళ్ళకు ఆ వాసనే ఉండేది. మాది పాకాల. ఆడపిల్లల బడిలో పదో తరగతి. బడికి ఖో-ఖో జట్టు ఉండేది. జట్టుకు పన్నెండుమంది, ఆడేది తొమ్మిదిమంది. మిగిలిన ముగ్గురూ సైడులో కూర్చుంటారు. పేర్ల కాగితంలో నాది పన్నెండో పేరు. ఆట మధ్యలో విరామం వచ్చినప్పుడు ఆడినవాళ్ళకు కమలాపండ్ల తొనలు పెట్టాలి. వొలిచేది నేను. మూడు తొనలకొకటి నా నోట్లోకి పోయేది. పీటీ టీచరుకు ఆ సంగతి తెలుసు. "తొక్కలైనా మిగిల్చు" అనేది.

మిగతా ఆటల్లోలాగా ఖో-ఖోలో ఆడేవాళ్ళు అలిసిపోతే మార్చరు. ఆట మొదలయ్యే ముందు తొమ్మిది పేర్లు రాసి ఇస్తే ఆ తొమ్మిదిమందే చివరిదాకా. ఎవరికైనా దెబ్బ తగిలి ఇక ఆడలేని స్థితి వస్తే, రెఫరీ ఒప్పుకుంటే, అప్పుడు సైడులోంచి ఒకరు లేవాలి. లేచాక దెబ్బ తగిలిన పిల్ల మళ్ళీ లోపలికి రాకూడదు. అంటే నేను ఆడాలంటే ఎవరో ఒకరు పడాలి. ఆ ఏడాది ఫైనల్‌కు ముందు ఐదు మ్యాచులు ఆడాం. ఎవరూ పడలేదు.

మా కెప్టెన్ తండ్రికి బజారులో పరుపుల అంగడి ఉండేది. పొద్దున పూట ఆమె కూడా దూది ఏకడంలో చెయ్యి వేసి వచ్చేది. ఎంత దులుపుకున్నా జడలో ఒకటో రెండో పోగులు మిగిలేవి. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, గ్రౌండులో రెండూ కలిపి తిట్లు. వాళ్ళమ్మ ఆమెకు తెల్ల పైజమా కుట్టి ఇచ్చింది. ఆ పైజమా మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ ఎర్రమట్టి. వెంటాడటంలో ఆమెను మించినవాళ్ళు లేరు. గ్రౌండు కొసన నాటిన పోలు దగ్గర పొట్ట మీద దూకి చెయ్యి చాచిందంటే అవతలి పిల్ల అవుటే. కానీ పరిగెత్తేటప్పుడు మాత్రం ఆమె ఆమె కాదు. అర నిమిషం నిలిస్తే గొప్ప.

"నువ్వు పట్టేదానికే పుట్టినావు మే, తప్పించుకునేదానికి కాదు" అని ఏడిపించేవాళ్ళం.

"మూసుకుని తొనలు ఒలువు" అనేది నాతో.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి రెండు మాటలు చెప్పాలి. గ్రౌండుకు రెండు కొసల్లో రెండు పోళ్ళు. ఆ పోల్ని ఈ పోల్ని కలుపుతూ మధ్యలో సున్నంతో ఒక దారి. ఆ దారి మీద ఎనిమిదిమంది కూర్చుంటారు, ఒకరు ఇటు ముఖం, పక్కామె అటు ముఖం. తొమ్మిదో ఆమె వెంటాడుతుంది. అవతలి జట్టు నుంచి ముగ్గురు ముగ్గురుగా లోపలికి వచ్చి తప్పించుకు తిరుగుతారు. ముగ్గురూ అవుటైతే తర్వాతి ముగ్గురు. పరిగెత్తేవాళ్ళు కూర్చున్నవాళ్ళ సందుల్లోంచి ఇటు నుంచి అటు దాటవచ్చు. వెంటాడే ఆమె దాటకూడదు. ఒకసారి ఒక పోలు వైపు భుజం తిప్పితే ఆ పోలు దాకా పోవాల్సిందే, వెనక్కి తిరగకూడదు. అవతలి పక్కకు వెళ్ళాలంటే, అటు ముఖం పెట్టి కూర్చున్న పిల్ల వీపు తట్టి "ఖో" అనాలి. అప్పుడు ఆ పిల్ల లేచి వెంటాడుతుంది, ఈమె ఆ చోట్లో కూర్చుంటుంది. ఒక్కో దఫా తొమ్మిది నిమిషాలు. ఎంతమందిని తాకితే అన్ని పాయింట్లు. ఒక్కో జట్టు రెండుసార్లు వెంటాడాలి, రెండుసార్లు పరిగెత్తాలి.

ప్రాక్టీసులో తొమ్మిదిమంది వెంటాడితే, పరిగెత్తడానికి ఎవరు కావాలి? సైడులో కూర్చునే మేం ముగ్గురం. రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా మమ్మల్ని తరిమేవాళ్ళు. మిగతా ఇద్దరూ కాసేపటికి కడుపులో నొప్పి అని కూర్చునేవారు. నేను పరిగెత్తుతూనే ఉండేదాన్ని. ఇంకేం పని లేదు గనక. కూర్చున్నవాళ్ళ మడమలు చూడటం అట్లాగే అలవాటైంది. ఖో తనకే వస్తుందనుకున్న పిల్ల మడమ ముందే కాస్త లేస్తుంది. ముఖాలు అబద్ధం చెప్తాయి, మడమలు చెప్పవు. మడమ లేచిందంటే నేను ఆ పిల్ల వీపు వెనక్కి జారుకునేదాన్ని. ఆమె అటు లేచేసరికి నేను ఇటు ఉండేదాన్ని. మళ్ళీ అటు ముఖం నుంచి ఇటు ముఖానికి ఖో పడాలి. పడేలోగా తర్వాతి సందు. దాన్ని గొలుసు అంటారు.

నేను ఎంతసేపు నిలుస్తున్నానో మాత్రం ఎవరికీ తెలియదు. కారణం చిన్నది. టీచరు దగ్గర ఒకటే స్టాప్‌వాచీ. మ్యాచుల్లో మా పిల్లలు ఒక్కొక్కరు ఎంతసేపు నిలిచారో చూసి నోటుపుస్తకంలో రాసే పని నాది. అందుకని వాచీ ఎప్పుడూ నా మెళ్ళోనే. ప్రాక్టీసులో పరిగెత్తేటప్పుడు కూడా అది నా మెళ్ళోనే ఊగుతూ ఉండేది. నా కాలం కొలిచేవాళ్ళు లేరు.

ఇక నేను చేసిన తప్పు.

నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. అప్పటికి మా లైను ఇంకా మీటర్ గేజే. పొద్దున సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట పోతే, సాయంత్రం ఒంటినిండా కంకర దుమ్ముతో వచ్చేవాడు. ఆయన ముగ్గురు తమ్ముళ్ళ పిల్లల్లోగానీ, మా ఇంట్లోగానీ, బడి తరఫున ఊరు దాటి పోయినది నేనొక్కదాన్నే. మొదటి మ్యాచి ఆడి, అంటే చూసి, ఇంటికి వచ్చిన రోజు ఆయన తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు.

"ఎంతసేపు నిలిచినావు అమ్మణ్ణీ?"

నేను ఆడలేదని చెప్పాలి. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "రెండు నిమిషాల నలభై సెకన్లు, నాయనా."

అది మా జట్టులో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నిలిచిన కాలం. అంతకు గంట ముందు నేనే నోటుపుస్తకంలో రాశాను.

"రెండు నిమిషాలు తొమ్మిదిమందికి దొరక్కుండానా?" అన్నాడు. తడికాళ్ళతోనే లోపలికి పోయి, తలుపు వెనక వేలాడే క్యాలెండరులో ఆ రోజు గడిలో పెన్సిలుతో రాశాడు. ఆయన రాత పెద్దగా ఉంటుంది. గడి నిండిపోయింది.

తర్వాత మ్యాచికి మూడు నిమిషాల ఐదు సెకన్లు. ఆ తర్వాత ఒకటీ యాభై, మరీ ఎక్కువ చెబితే నమ్మడని. అన్నీ ఎవరో ఒకరు నిజంగా నిలిచిన నిమిషాలే. నేను సొంతంగా ఒక్క సెకను కూడా కల్పించలేదు. అప్పట్లో నాకు అది కాస్త ధర్మంగానే తోచింది. ఐదు మ్యాచులు, ఐదు గళ్ళు. సంగట్లోకి చెనిక్కాయల ఊరిబిండి నంచుకుంటూ ఆయన గ్యాంగులో ఏమేం చెప్పాడో చెప్పేవాడు. "మేస్త్రీ అడిగినాడు, నీ కూతురు ఈ వారం ఎంతబ్బా అని. మూడున్నా. నోరు తెరిసినాడు." అమ్మ మాత్రం నా వైపు ఒకసారి చూసి సంగటి ఇంకో ముద్ద వేసేది. అమ్మకు తెలుసేమో. అడగలేదు.

ఫైనల్ చిత్తూరులో, ఆదివారం. శనివారం రాత్రి అన్నం దగ్గర నాయన చెప్పాడు. "రేపు సెలవు పెట్టినా. గ్యాంగులో ఇద్దరు గూడా వస్తామన్నారు. నీ ఆట సూడాల."

"వద్దు నాయనా. ఎండగా ఉంటాది."

"రోజూ నేనుండేది యాడ మే, నీడలోనా?"

పొద్దున ఆరింటి రైలుకు జట్టంతా ఎక్కాం. నాయన వాళ్ళు తర్వాతి రైలుకు వస్తారు. రైల్లో అందరూ ఉడకేసిన చెనిక్కాయలు తింటూ అంత్యాక్షరి పాడుతున్నారు. నేను కిటికీ దగ్గర కూర్చుని లెక్క వేసుకున్నాను. నాయన వచ్చి చూస్తాడు. కూతురు ముప్పై ఆరు నిమిషాలూ సంచుల పక్కన కూర్చుని ఉంటుంది. పక్కనే మేస్త్రీ ఉంటాడు. తప్పించుకోవడానికి ఒకటే దారి కనబడింది. రైలు వంతెన దాటేటప్పుడు కళ్ళు మూసుకుని, ఆ రోజు ఎవరికైనా కాలు బెణకాలని మొక్కుకున్నాను. ఎవరికి అని కూడా అనుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్లకు. ఆమె నిమిషాలే ఎక్కువ వాడుకున్నాను, ఆమెకే కీడు కోరుకున్నాను. ఆ పిల్ల అప్పుడే నాకు దోసెడు చెనిక్కాయలు తెచ్చి ఇచ్చింది.

అవతలి జట్టు ఘాటు రోడ్డు అవతలి ఊరి నుంచి వచ్చింది. పొడుగాటి పిల్లలు. వాళ్ళలో ఒకామె రెండు జడలూ ఎత్తి నెత్తి మీద రిబ్బనుతో బిగించుకుంది. మా టీచరు చూసి "ఆ రిబ్బను పాపతో జాగర్త" అంది. టాసు మేం గెలిచి వెంటాడటం తీసుకున్నాం. మొదటి దఫా మాకు ఎనిమిది. తర్వాత వాళ్ళు వెంటాడి తొమ్మిది తెచ్చుకున్నారు. ఆ దఫాలో మా కెప్టెన్ ఇరవై సెకన్లకే అవుటైంది. రిబ్బను పిల్ల వెనకపడగానే ఆమె గ్రౌండు మధ్యలో నిలబడిపోయింది, ఎటు పోవాలో తెలియనట్టు. బయటికి వచ్చింది. నేను తొనలు ఇస్తే చేత్తో తోసేసింది. మూడో దఫా మాది. కెప్టెన్ కసిగా ఆడింది. తొమ్మిదిమందినీ పట్టి, మళ్ళీ మొదటి ముగ్గురు వస్తే అందులో ఒకామెను కూడా పట్టాం. పది. మొత్తం మాకు పద్దెనిమిది, వాళ్ళకు తొమ్మిది.

చివరి దఫా. వాళ్ళు వెంటాడాలి, మేం నిలవాలి. తొమ్మిది నిమిషాల్లో పదిమందిని తాకితే వాళ్ళు గెలుస్తారు, తొమ్మిదైతే సమానం. టీచరు తొమ్మిదో తరగతి పిల్లను ఒక్కదాన్ని చివరికి ఉంచి, బాగా పరిగెత్తే మిగతావాళ్ళను ముందు పెట్టింది. ముందువాళ్ళే కాలమంతా తినేస్తారని ఆమె ఆశ. కెప్టెన్‌ను మూడో ముగ్గురిలో చివర పెట్టింది, ఆమె దాకా రాదని.

మూడున్నర నిమిషాల్లో ఐదుగురు పోయారు.

అప్పుడు చూశాను నాయనను. గ్రౌండు అంచున, ఎండాకాలం మామిడిపండ్ల బుట్టలు పెట్టుకునే అరుగు దగ్గర ముగ్గురూ నిలబడి ఉన్నారు. పండగ చొక్కా వేసుకున్నాడు. ఎప్పటి నుంచి ఉన్నారో తెలియదు. నేను వాచీ పట్టుకుని సంచుల పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన నన్ను చూశాడు. చెయ్యి ఊపలేదు. తల మాత్రం ఒకసారి ఆడించాడు. నేను నోటుపుస్తకంలోకి తల దించుకున్నాను.

ఆరో పిల్ల అవుటైన విజిల్, కెప్టెన్ అరుపు ఒకేసారి వినిపించాయి. గ్రౌండు అంచున లోపలికి పోవడానికి సిద్ధంగా నిలబడిన కెప్టెన్ కింద కూలబడి చీలమండ పట్టుకుంది.

టీచరు పరిగెత్తింది. "ఏమైందే?"

"బెణికింది మేడమ్. గుంత చూసుకోలే."

"లెయ్, చూడు."

లేచి అడుగు వేసింది, మళ్ళీ కూర్చుంది. రెఫరీ కాలం ఆపించి వచ్చాడు. చీలమండ నొక్కి చూశాడు. కెప్టెన్ "అమ్మీ" అని అరిచింది. "మార్చుకోండి, త్వరగా" అన్నాడు. పదో పదకొండో పేర్లవాళ్ళు ఇద్దరూ మొదటి దఫా చూస్తూనే నీరసపడి బూట్లు విప్పేసి కూర్చున్నారు. టీచరు వాళ్ళ కాళ్ళ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"పో."

నా మెళ్ళోంచి వాచీ తీసింది కెప్టెన్. తీసేటప్పుడు నా చెవిలో అంది, "మే, రోజూ మమ్మల్ని ఏడిపించినట్టే ఏడిపించు."

మొక్కు తీరింది. ఎవరికి తీరాలనుకున్నానో వాళ్ళకు కాదు. గీత దాటి లోపలికి పోతూ నాకు అదే మనసులో ఉంది, ఆట కాదు.

వాళ్ళకు పదిహేను, మాకు పద్దెనిమిది. ఐదు నిమిషాలు మిగిలాయి. లోపల మేం ముగ్గురం. ముగ్గురం అవుటైతే సమానం, మళ్ళీ మొదటివాళ్ళు రావాలి, వాళ్ళు అప్పటికే అలిసిపోయి పడుకుని ఉన్నారు. ఒక్కరు నిలిస్తే చాలు.

తొమ్మిదో తరగతి పిల్ల నాతోపాటే ఉంది. మొదటి నిమిషమున్నర ఆ పిల్లనే తరిమారు. కొత్తగా వచ్చిన నన్ను తర్వాత చూసుకోవచ్చని వాళ్ళ ఉద్దేశం. నేను మూల నిలబడి ఎదురుగా కూర్చున్న ఎనిమిది జతల మడమలు చూశాను. మా పిల్లల మడమలే. ఊరు వేరు, అంతే. అప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ పిల్ల పోలు చుట్టూ తిరగబోయి రిబ్బను పిల్ల దూకితే దొరికిపోయింది. పదహారు.

"మూడున్నర!" అని బయటి నుంచి కెప్టెన్ అరిచింది.

ఇక నా వంతు. మొదటి సందు దాటాను. ఖో. రెండో సందు. ఖో. మూడోది. వెనక అడుగుల చప్పుడు రోజూ వినేదే. నాలుగో పిల్ల మడమ లేచింది కానీ ఖో ఆమెకు ఇవ్వలేదు, ఆమెను దాటి ఆరో ఆమెకు ఇచ్చారు. ఎత్తుగడ. నేను అప్పటికే సందులో సగంలో ఉన్నాను. ముందుకు పోతే ఎదురుగా లేస్తున్న పిల్ల. వెనక్కి తగ్గాను. లేచిన పిల్ల ఉత్సాహంలో మధ్య దారి మీద కాలు వేసేసింది. విజిల్. తప్పు చేసిన పిల్ల దిశ మార్చుకుని వెనక్కి పోవాలి. నాకు నాలుగైదు శ్వాసలు దొరికాయి.

అంతలో నాతో ఉన్న రెండో పిల్లను అవతలి కొసలో పట్టారు. పదిహేడు.

"ఒకటీ నలభై!"

ఒక నిమిషం నలభై సెకన్లు చిన్న కాలం. వాచీ పట్టుకుని కూర్చుంటే దగ్గు వచ్చి తగ్గేలోగా అయిపోతుంది. లోపల అట్లా కాదు. లోపల నేనొక్కదాన్నే. గ్రౌండంతా నాకే వదిలేసినట్టు ఉంది. గొలుసు మొదలుపెట్టాను. అటు, ఇటు, అటు. కూర్చున్న పిల్ల భుజానికి చెయ్యి తగలకూడదు, తగిలితే హెచ్చరిక. గీత దాటి రెండు పాదాలూ బయట పడకూడదు. ఎడమ వైపు డొక్కలో నొప్పి మొదలైంది. ఎవరో "అమ్మణ్ణీ" అని అరిచారు. నాయన కాదు, గ్యాంగు మేస్త్రీ. నాయన అరిచే మనిషి కాదు.

చివరి అర నిమిషంలో రిబ్బను పిల్ల లేచింది. ఆమె భుజం పోలు వైపు తిరిగింది. నేను ఆమె ముందు ఉన్నాను, పోలుకు మూడడుగుల్లో. పోలు దాటితే ఆమెకు ఎటైనా తిరిగే హక్కు వస్తుంది. దాటకముందే నేను సందులోకి పోవాలి. చివరి సందులో కూర్చున్న పిల్ల రెండు మడమలూ లేచి ఉన్నాయి, నన్ను భయపెట్టడానికి. అవి నిజంగా లేచిన మడమలా, చూపించడానికి లేపినవా? వేళ్ళ మీద బరువు లేదు. చూపించడానికే. ఆ పిల్ల వైపే పోయి, వీపుకు అంగుళం దూరంలో జారాను. రిబ్బను పిల్ల దూకింది. నా మడమ పక్కన దుమ్ములో ఆమె అరచెయ్యి పడిన చప్పుడు విన్నాను. విజిల్ మోగింది. అది అవుటు విజిల్ అనుకుని నేను చెయ్యెత్తి బయటికి నడిచాను. టీచరు ఎదురొచ్చి నా రెండు చెవులూ పట్టుకుంది. "యాడికి పోతావే, అయిపోయింది! గెలిచినాం!"

బహుమతి ఇచ్చేటప్పుడు కెప్టెన్ నా భుజం మీద చెయ్యి వేసి కుంటుకుంటూ వచ్చి కప్పు తీసుకుంది. సాయంత్రం చిత్తూరు స్టేషనుకు జట్టంతా నడిచాం. ప్లాట్‌ఫారం మీదకు రైలు వస్తుండగానే జనం ఎగబడ్డారు. అప్పుడు కెప్టెన్ కప్పు టీచరు చేతిలో పెట్టి, ఆగని పెట్టె పక్కన ఉరికి, కిటికీలోంచి తువ్వాలు విసిరి ఎనిమిది సీట్లు పట్టింది. పన్నెండుమందిలో అది చూసింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు సంచులు ఎత్తుతున్నారు.

నాయన అదే పెట్టెలో ఎక్కాడు. నా పక్కన కూర్చున్నాడు. పూతలపట్టు దాటాక నేనే అన్నాను.

"క్యాలెండర్లో రాసిన నిమిషాలు నావి కావు నాయనా."

"ఊ."

"కొట్టేయాల."

ఆయన కిటికీ బయట పట్టాల వైపు చూశాడు. అవి ఆయన సరిచేసిన పట్టాలే. "ఉండనీలే. ఎవరివో గానీ, ఆ బిడ్లు గూడా పరిగెత్తినారు గదా." కాసేపటికి అడిగాడు, "ఈ పొద్దుది ఎంత రాయాల?"

"ఐదు."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

కెప్టెన్ ఎదుటి సీట్లో కూర్చుని చెనిక్కాయ తొక్కలు కిటికీలోంచి పారేస్తోంది. నా వైపు చూడలేదు. ఆమె నా కోసం ఆ పని చేసిందని నాకు ఆ రైల్లోనే అర్థమైంది. నాయన వచ్చిన సంగతి గమనించి, నా ముఖం చూసి, తన ఫైనల్‌లో చివరి ఐదు నిమిషాలు నాకు ఇచ్చేసింది. కెప్టెన్ అయ్యుండి. అట్లాంటిదాన్ని నోటితో అడగకూడదు, అడిగితే దాని విలువ పోతుంది అనుకున్నాను. అడగలేదు. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, నాయన పోయాడు. ఆయన దినానికి ఆమె వచ్చి రెండు రోజులు వంటింట్లో పని చేసింది. అప్పుడూ అడగలేదు. జీవితంలో ఎవరైనా నాకు చిన్న ద్రోహం చేసినప్పుడల్లా ఆ తువ్వాలు విసిరిన చెయ్యి తలుచుకునేదాన్ని. ఒకతి నాకు అంత చేసింది కదా అనుకుంటే మిగతాది సర్దుకునేది.

రెండేళ్ళ క్రితం ఆమెకు ఆపరేషన్ అయ్యాక చూడటానికి పోయాను. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే అంది, "నీకొకటి చెప్పాల మే. చెప్పకుండా పోతే బాగుండదు."

"ఏంది?"

"ఆ పొద్దు నాకు కాలు బెణకలే."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"సీట్లకు ఉరికినావు గదా రైలు ఎంట."

నవ్వబోయి కుట్లు పట్టుకుంది. "ఇన్నేండ్లూ తెలిసి గూడా అడగలేదా?"

"ఎందుకు అడగాల? మా నాయన చూస్తాండాడని నన్ను ఆడించినావు. అది అడిగేదా?"

ఆమె ముఖం మారింది. "మీ నాయనా? ఆయన వచ్చినాడని నేను రైల్లోనే గదా చూసింది."

"మరి?"

"భయమైంది మే. ముందు దఫాలో ఆ రిబ్బనుది నా ఎనక పడితే నాకు కాళ్ళు రాలే. మళ్ళా లోపలికి పోవాలంటే ప్రాణం పోయినట్టయింది. ఓడిపోతే నా వల్ల అంటారు. అందుకని కూలబడినా." దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంది. "నీకు ఇయ్యలేదు. నీ మీదికి తోసినా."

 ఇంతకాలం చేతిలో ఉన్నదేదో జారినట్టయింది. కిటికీ బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అవడం లేదు. అది స్టార్టయ్యేదాకా ఇద్దరం వింటూ కూర్చున్నాం. ఆ తర్వాత నేనూ చెప్పాను, రైలు వంతెన మీద మొక్కుకున్న సంగతి.

"ఎవురి కాలికి?"

"తొమ్మిదో తరగతి పాపకి."

"నా కాలికి ఎందుకు మొక్కలేదు? నా కాలు నీకు చులకనా?"

"నువ్వు కెప్టెన్‌వి గదా. మర్యాద."

ఈసారి కుట్లు పట్టుకుని కూడా ఆపుకోలేకపోయింది. వాళ్ళ కోడలు పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. చెప్పలేకపోయాం. ఆమె నాకు ఇచ్చింది బహుమానం కాదని తెలిసిన ఆ రోజు, అంతవరకు ఎప్పుడూ లేనంత దగ్గరగా అనిపించింది. అంతవరకు ఆమె నాకంటే ఒక మెట్టు పైన ఉండేది. ఆ రోజు నా పక్కకు దిగి కూర్చుంది, భయపడిన పిల్ల, కీడు కోరిన పిల్ల, ఇద్దరం.

అప్పటి నుంచి ఆదివారాలు పదకొండింటికి ఫోను చేసుకునేవాళ్ళం. బిడ్డల సంగతులు, మాత్రల సంగతులు అయ్యాక ఎవరో ఒకరు "ఎంత మిగిలింది?" అని మొదలుపెట్టేవాళ్ళం. "ఐదు" అని రెండో ఆమె. అక్కడి నుంచి ఒక్కో ఖో గుర్తు చేసుకుంటూ ఆడేవాళ్ళం. ఆ నాలుగో పిల్లకు ఖో ఎందుకు ఇవ్వలేదని ఆమె ప్రశ్న, ఎత్తుగడ అని నా వాదన. కొన్నిసార్లు ఆమె తాను లోపలికి పోయినట్టు ఆడేది. ఆ ఆటల్లో కూడా అర నిమిషానికే దొరికిపోయేది, ఊరికే ఆటలో కూడా తనను తాను నిలబెట్టుకోలేకపోయేది. ఆరోగ్యం పాడైన చివరి నెలల్లో నిమిషమున్నర దాకా వచ్చి, ఆమెకు దగ్గు వచ్చి ఆగేవాళ్ళం.

పండు తినేసి తొక్కలు కాగితంలో చుట్టి పడేశాను. చేతులు కడుక్కున్నాను. మిగతా మూడు పండ్లు పక్కింటి పిల్లలకు ఇచ్చాను. ఆమె పోయాక ఇది ఏడో ఆదివారం. పదకొండు దాటింది. ఆ మ్యాచి ఇప్పుడు ఎవరూ ఆడటం లేదు.